39 దాటని నైట్రేట్: శ్రీకాకుళంలో ఒక క్యాలిబ్రేషన్ కర్వ్ కేసు

శ్రీకాకుళంలో నీటి పరీక్షలు చేసే ఒక ప్రైవేటు ల్యాబు వాళ్లు, తమ నైట్రేట్ ఫలితాలు ఒకసారి చూసి పెట్టమని నన్ను పిలిచారు. ఎక్కువ శాంపిళ్లు రణస్థలం, లావేరు వైపు మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న బోర్లవి. వాటిలో ఒక బోరు నీళ్లకు ఈ ల్యాబు 39 అని రిపోర్టు ఇచ్చింది. అదే నీటిని ఆ రైతు ఇంకో చోట ఇస్తే 80 వచ్చింది. ఆయన రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి, "ఒకే నీటికి రెండు లెక్కలేటండీ?" అని అడిగారట. తాగునీటిలో నైట్రేట్‌కు మన బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. కాబట్టి 39 అంటే తాగొచ్చు, 80 అంటే తాగకూడదు. ఈ రెండు మాటలకీ మధ్యలో రాజీ కుదరదు.

నేను ముందు అడిగింది మెషీన్ గురించి కాదు, పాత రిజిస్టరు. తక్కువ ఉన్న శాంపిళ్లలో అంకెలు రకరకాలుగా ఉన్నాయి: 6, 11, 19, 27. పైకి వెళ్లే కొద్దీ వరస మారింది: 36, 38, 39, 38, 39. ఎక్కడా ఒక్క 40 కూడా లేదు. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు లోతుల బోర్లు అందరూ కూడబలుక్కున్నట్టు 39 దగ్గర ఆగిపోవడం నీటి గుణం అయి ఉండదు. ఫలితాలు ఒక పైకప్పుకు తగిలి ఆగిపోతున్నాయంటే ఆ కప్పు పరికరంలో ఉండాలి, లేదా లెక్కలో ఉండాలి.

వాళ్లు వాడేది 220 నానోమీటర్ల దగ్గర నేరుగా అల్ట్రావయొలెట్‌లో చదివే పద్ధతి. రంగు తెప్పించే రియేజెంటు అక్కర్లేదు, నైట్రేటే ఆ వెలుతురును పీల్చుకుంటుంది. నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం కూడా అక్కడ పీల్చుకుంటుంది కాబట్టి 275 దగ్గర మరో రీడింగు తీసి, దాన్ని రెట్టింపు చేసి, 220 రీడింగులోంచి తీసేస్తారు. 275 దగ్గర నైట్రేట్ దాదాపు ఏమీ పీల్చుకోదు. ఈ తీసివేత 220 రీడింగులో పది శాతం దాటితే ఆ నీటికి ఈ పద్ధతే పనికిరాదు. ఇక్కడి బోరు నీళ్లలో 275 రీడింగు చాలా చిన్నది, ఆ గొడవ లేదు. నీళ్లు పోసి మెషీన్‌లో పెట్టే చిన్న పాత్రలు, అంటే క్యూవెట్లు, క్వార్ట్జ్‌వే. ఇది కూడా చూసుకోవాల్సిందే, మామూలు గాజు క్యూవెట్ 220 దగ్గర గోడలా అడ్డుపడుతుంది.

సాంద్రత ముందే తెలిసిన ద్రావణాలను స్టాండర్డులంటారు. వాటి రీడింగులతో వేసే గీతే క్యాలిబ్రేషన్ కర్వ్, శాంపిల్ లెక్క దాని మీదే తేలుతుంది. స్టాండర్డులు తయారు చేసిన తీరులో నాకు తప్పు కనబడలేదు. ఓవెన్‌లో ఆరబెట్టిన పొటాషియం నైట్రేట్ 0.7218 గ్రాములు లీటరు నీటిలో కరిగిస్తే, నైట్రోజన్ లెక్కన లీటరుకు 100 మిల్లీగ్రాముల స్టాక్ వస్తుంది. దాన్ని పదింతలు పలచన చేస్తే 10. అందులోంచి 5, 10, 15 ఇలా 35 మిల్లీలీటర్ల దాకా పిపెట్‌తో తీసి, ఒక్కోదాన్ని 50 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో గీత దాకా నింపితే 1 నుంచి 7 దాకా ఏడు స్టాండర్డులు. ప్రతి ఫ్లాస్కుకూ, నైట్రేట్ లేని బ్లాంక్‌కూ, శాంపిల్‌కూ ఒక మిల్లీలీటరు చొప్పున 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్. నీటిలో ఉండే కార్బొనేట్, హైడ్రాక్సైడ్ అడ్డం రాకుండా ఇది వేస్తారు.

ఒక మాట గుర్తు పెట్టుకుంటే ముందుకు సాగుతుంది. ఇక్కడ స్టాండర్డులు నైట్రోజన్ లెక్కలో ఉన్నాయి. దాన్ని నైట్రేట్‌గా చెప్పాలంటే 4.43తో గుణించాలి. 45 హద్దు నైట్రోజన్ లెక్కలో 10.2 దగ్గరకు వస్తుంది. అంటే వీళ్ల పై స్టాండర్డు 7, హద్దు 10.2. మనుషులకు కావలసిన తీర్పు ఉన్నది కర్వ్ బయట. సాఫ్ట్‌వేర్ మాత్రం గీతను అలాగే పైకి పొడిగించి, ఏ హెచ్చరికా లేకుండా అంకె ఇచ్చేస్తుంది.

ఆ రోజు కర్వ్ మళ్లీ నా ఎదురుగా వేయించాను. చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే R² 0.997 వచ్చింది. ల్యాబులో ఎనలిస్టుగా చేస్తున్న అమ్మాయి, "సార్, లీనియారిటీ బాగానే ఉంది కదా" అంది. ఆమె చూస్తున్నది వాళ్ల పని పద్ధతి పత్రం ఎస్ఓపీలో రాసిన 0.995 అనే గీటురాయి. నేను ఆ స్టాండర్డులనే శాంపిళ్లు అనుకుని, వాటి అబ్జార్బెన్స్‌ల్ని, అంటే ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుందో చెప్పే రీడింగుల్ని, అదే గీతలో పెట్టి, సాంద్రతను వెనక్కి లెక్కించమన్నాను.

| స్టాండర్డు (నైట్రోజన్, మి.గ్రా./లీ.) | అబ్జార్బెన్స్ | గీత చెప్పే సాంద్రత |
|---|---|---|
| 0 | 0.000 | −0.14 |
| 1 | 0.247 | 0.96 |
| 2 | 0.491 | 2.04 |
| 3 | 0.731 | 3.10 |
| 4 | 0.963 | 4.13 |
| 5 | 1.183 | 5.11 |
| 6 | 1.385 | 6.01 |
| 7 | 1.561 | 6.79 |

ఈ పట్టికలో చివరి నిలువు వరుసను పై నుంచి కిందికి చదవండి. మొదట తక్కువ, మధ్యలో అంతా ఎక్కువ, చివర్లో మళ్లీ తక్కువ. పిపెట్ చేతి పొరపాట్లయితే తేడాలు అటూ ఇటూ చెదురుమదురుగా ఉండాలి. ఇలా వరసకట్టి ఒక వంపు తిరిగాయంటే చుక్కలు నిజానికి వంకర మీద ఉన్నాయి, మనం వాటి మధ్యలోంచి కర్ర గీత లాగేశాం. R² ఈ సంగతి చెప్పదు. సున్నా నుంచి 7 దాకా ఉన్న పెద్ద పెరుగుదల ముందు ఈ చిన్న వంపు దానికి ఆనదు. బ్లాంక్‌తో జీరో చేసిన తర్వాత కూడా గీత నిలువు అక్షాన్ని 0.032 దగ్గర కోస్తోందంటే అది కూడా అదే వంపుకు ఇంకో ఆనవాలు.

అబ్జార్బెన్స్‌ల మధ్య తేడాలు తీసుకున్నా అదే కనబడుతుంది. సున్నా నుంచి 1కి వెళ్తే 0.247 పెరిగింది. 6 నుంచి 7కి వెళ్తే పెరిగింది 0.176. మిల్లీగ్రాము మిల్లీగ్రామే, దానికి వస్తున్న రీడింగు మాత్రం పైకెళ్లే కొద్దీ చిక్కిపోతోంది.

తర్వాత 38 అని రిపోర్టు వెళ్లిన ఒక బోరు నీళ్లు తీసుకున్నాం. నేరుగా చదివితే అబ్జార్బెన్స్ 1.963. గీత ప్రకారం నైట్రోజన్ 8.57, నైట్రేట్‌గా 38. అదే నీటిని 25 మిల్లీలీటర్లు తీసి 50కి నింపి చదివాం. కర్వ్ నిజంగా తిన్నగా ఉంటే రీడింగు సగానికి, అంటే 0.98కి పడిపోవాలి. పడింది 1.385కి. సగం నీళ్లు కలిపినా రీడింగు మూడో వంతు కూడా తగ్గలేదు. పదింతలు పలచన చేసినప్పుడు 0.296 వచ్చింది. సున్నా నుంచి 3 దాకా ఉన్న స్టాండర్డులతో మాత్రమే వేరే గీత వేసి దాంతో లెక్కిస్తే, ఈ నీటిలో నైట్రోజన్ 12.1, నైట్రేట్ 53. నాలుగింతల పలచన కూడా 53 దగ్గరే తేల్చింది. రెండు వేర్వేరు పలచనలు ఒకే జవాబుకు వస్తే ఆ జవాబును నమ్మొచ్చు.

రైతు గొడవ పెట్టిన ఆ బోరు నీళ్లు నేరుగా 2.003 చదివాయి, పదింతల పలచనలో 0.442. లెక్క వేస్తే నైట్రేట్ 80. ఒకటి 53, ఇంకొకటి 80. మెషీన్ మీద రెండింటికీ తేడా 0.04 మాత్రమే. అందుకే రిజిస్టరులో రెండూ 38, 39గా పక్కపక్కన కూర్చున్నాయి.

ఇక కారణం వెతకాలి. లీనియారిటీ పోవడానికి రెండు జాతుల కారణాలు ఉంటాయి, వాటిని విడదీయకుండా మందు వేయకూడదు. మొదటిది ద్రావణంలోనే జరిగే మార్పు. పొటాషియం డైక్రోమేట్‌ను యాసిడ్ లేకుండా ఉత్త నీటితో పలచన చేస్తే అందులో కొంత క్రోమేట్‌గా మారిపోతుంది. వెలుతురును పీల్చే పదార్థమే మారిపోయాక గీత తిన్నగా ఎలా ఉంటుంది? రెండోది పరికరం లోపం. ద్రావణం సరిగానే ఉంటుంది, డిటెక్టర్‌కు చేరే వెలుతురే సరిగ్గా ఉండదు.

ఈ రెండింటినీ విడదీసే పరీక్ష చాలా చిన్నది, నాకు బాగా ఇష్టమైనది కూడా. మామూలు క్యూవెట్‌లో వెలుతురు ఒక సెంటీమీటరు ద్రావణం గుండా వెళ్తుంది. నా దగ్గర అర సెంటీమీటరు దారి ఉన్న క్వార్ట్జ్ క్యూవెట్ ఒకటి ఉంటుంది. 6 స్టాండర్డును అందులో పోసి, అదే క్యూవెట్‌లో బ్లాంక్ పెట్టి జీరో చేసి చదివాం: 0.730. పెద్ద క్యూవెట్‌లో 3 స్టాండర్డు ఇచ్చింది 0.731. సాంద్రత రెట్టింపు అయింది, దారి సగం అయింది, రీడింగు మారలేదు. 6 దగ్గర నైట్రేటే ఏదైనా మారిపోతూ ఉంటే చిన్న క్యూవెట్‌లో కూడా తక్కువ చదవాలి. చదవలేదు. అంటే వంపు సాంద్రతను బట్టి రావడం లేదు, అబ్జార్బెన్స్‌ను బట్టి వస్తోంది. తప్పు పరికరంలో ఉంది.

పరికరంలో ఇంత కచ్చితంగా 2.0 దగ్గర కప్పు వేసేది స్ట్రే లైట్. ఒక్క తరంగదైర్ఘ్యాన్ని ఏరి పంపే మోనోక్రోమేటర్ 220 దగ్గర సెట్ చేసి ఉన్నా, ఇతర తరంగదైర్ఘ్యాల వెలుతురు కొంచెం చెదిరి డిటెక్టర్‌ను చేరుతూనే ఉంటుంది. దాన్ని నైట్రేట్ ఆపలేదు. అబ్జార్బెన్స్ 1 అంటే వందలో పది వంతులు బయటికొచ్చాయని, 2 అంటే వందలో ఒక్క వంతు, 3 అంటే వెయ్యిలో ఒక్క వంతు. చెదిరిన వెలుతురు వందలో ఒక వంతు ఉందనుకోండి. పది వంతులు వచ్చే చోట పదకొండు వస్తే పెద్దగా తెలియదు. ఒక వంతు రావాల్సిన చోట రెండు వస్తే రీడింగు 2 బదులు 1.7కి పడిపోతుంది. అసలు వెలుతురు ఏమీ రాకపోయినా ఆ చెదిరిన ఒక వంతు వస్తూనే ఉంటుంది, కాబట్టి మెషీన్ 2.0 దాటి చూపించలేదు. లెక్క రాసుకుంటే ఇలా ఉంటుంది, ఇందులో T నిజమైన ట్రాన్స్‌మిటెన్స్, అంటే ద్రావణం దాటి వచ్చే వెలుతురు వంతు, s చెదిరిన వెలుతురు వంతు:

```
A = -log10( (T + s) / (1 + s) )
```

s విలువ 0.01 పెడితే పై పట్టికలోని అబ్జార్బెన్స్‌లన్నీ వరసగా వచ్చేస్తాయి. గీతలో పెడితే 2.0 దగ్గరి కప్పు నైట్రోజన్ 8.75, నైట్రేట్ 39. రిజిస్టరులో 40 ఎందుకు లేదో అక్కడ తేలిపోయింది.

ఊహ లెక్కతో సరిపోయింది కదా అని వదిలేయకుండా నేరుగా కూడా కొలిచాం. సోడియం అయోడైడ్ లీటరుకు 10 గ్రాముల ద్రావణం 220 దగ్గర వెలుతురును పూర్తిగా ఆపేస్తుంది. దాన్ని పెట్టినప్పుడు డిటెక్టర్‌కు ఏదైనా చేరిందంటే అది చెదిరిన వెలుతురే. మంచి పరికరం దీనికి 3 పైన చదవాలి. ఇది 2.0 చదివింది. నైట్రేట్‌తో సంబంధం లేని ద్రావణం కూడా అదే కప్పుకు తగిలింది. 198 దగ్గర పొటాషియం క్లోరైడ్‌తో చేసే పరీక్ష చాలా ల్యాబుల్లో తెలుసు, కానీ మనం పని చేసేది 220 దగ్గర కాబట్టి అక్కడే చూడడం మేలు.

220 గురించి ఇంకో అనుమానం కూడా న్యాయమైనదే. నైట్రేట్ శిఖరం 200 నానోమీటర్లకు కాస్త పైన ఉంటుంది, 220 ఆ కొండ పక్కవాలు మీద పడుతుంది. వెలుతురు వచ్చే సన్నటి చీలిక, స్లిట్, వెడల్పుగా ఉంటే వాలులో పై భాగం, కింద భాగం కలిపి చదివేస్తుంది, దానివల్లా కర్వ్ కొంచెం వంగుతుంది. ఈ మెషీన్‌లో స్లిట్ మార్చే వీలు లేదు కాబట్టి దాన్ని తగ్గించి చూడలేకపోయాం. కానీ ఆ కారణం ఒక్కటే అయితే వంపు మెల్లగా ఉంటుంది, ఇలా బల్లపరుపుగా ఒక అంకె దగ్గర ఆగదు. ఆ వాలు వల్ల ఇంకో చిక్కు ఉంది: తరంగదైర్ఘ్యం ఒక్క నానోమీటరు జరిగినా గీత వాలు మారిపోతుంది. అందుకే ఈ పద్ధతిలో పోయిన నెల కర్వ్‌ను మెషీన్‌లో దాచుకుని వాడడం నాకు సమ్మతం కాదు. కర్వ్, శాంపిళ్లు ఒకే పూట చదవాలి.

వంపు ఉందని తేలాక ల్యాబు యజమాని అడిగిన ప్రశ్న సహజమైనదే: వంకర గీత వేసుకుంటే సరిపోదా, సాఫ్ట్‌వేర్‌లో క్వాడ్రాటిక్ ఉంది కదా అని. కొన్ని చోట్ల అది సరే. ఇక్కడ మాత్రం వద్దన్నాను. పైన కర్వ్ దాదాపు పడుకునే ఉంది. నైట్రోజన్ 12 నుంచి 14కి పెరిగితే అబ్జార్బెన్స్ పెరిగేది 0.03 కూడా లేదు. అక్కడ రీడింగు 0.01 ఊగినా నైట్రేట్‌లో 3 మిల్లీగ్రాములు మారిపోతుంది. పైగా చెదిరిన వెలుతురు వంతు స్థిరంగా ఉండేది కాదు. ల్యాంప్ వయసుతో, అద్దాల మీద పేరుకున్న మసకతో అది పెరుగుతూ పోతుంది. ఈ రోజు సరిగ్గా అమర్చిన వంకర కొన్నాళ్లకు వేరే వంకర అవుతుంది. సమాచారం లేని చోట ఏ సమీకరణం పెట్టినా సమాచారం పుట్టదు. నీళ్లు కలిపి రీడింగును మంచి భాగంలోకి దించడం చౌకైన పని, నమ్మకమైన పని.

సర్వీసు వాళ్లు వచ్చి డ్యుటీరియం ల్యాంప్ మార్చారు. పాతబడిన ల్యాంప్‌లో 220 దగ్గర అసలు వెలుతురు పడిపోతుంది, చెదిరిన వెలుతురు మాత్రం పొడవైన తరంగదైర్ఘ్యాల నుంచి వస్తూనే ఉంటుంది కాబట్టి వంతు పెరుగుతుంది. మార్చిన తర్వాత సోడియం అయోడైడ్ 2.7 చదివింది. చెదిరిన వెలుతురు మునుపటి దాంట్లో అయిదో వంతుకు తగ్గింది, కానీ కొత్త మెషీన్ అంత బాగా లేదు. అద్దాల మీద మసక ఉందని, అది మార్చాలంటే చాలా ఖర్చని చెప్పారు.

ఉన్న మెషీన్‌తోనే పని ఎలా చేయాలో అప్పుడు కూర్చుని తేల్చుకున్నాం. స్ట్రే లైట్ 0.2 శాతం ఉన్నప్పుడు 7 స్టాండర్డు రెండున్నర శాతం పైగా తక్కువ చదువుతుంది. 4 దగ్గర ఆ లోటు ఒక శాతం లోపే. కాబట్టి కర్వ్ సున్నా నుంచి 4 దాకా మాత్రమే, అబ్జార్బెన్స్ 1కి అటూ ఇటూగా ఆగిపోతుంది. ప్రతి శాంపిల్‌ను ముందు నేరుగా చదువుతారు. 0.9 లోపు ఉంటే ఆ జవాబే జవాబు. దాటితే నాలుగింతలు, అయినా దాటితే పదింతలు పలచన చేసి మళ్లీ చదువుతారు. అన్నింటినీ మొదటే పలచన చేసేద్దామన్న ఆలోచన వచ్చింది కానీ వద్దనుకున్నాం. నైట్రేట్ 5 ఉన్న మంచి నీటిని నాలుగింతలు పలచన చేస్తే రీడింగు 0.07కి పడిపోయి, అక్కడ బ్లాంక్ ఊగిసలాటే పెద్దదైపోతుంది.

45 హద్దు దగ్గర ఉన్న నీటికి, అంటే లెక్కలో 35 నుంచి 55 మధ్య వచ్చిన వాటికి, రెండు వేర్వేరు పలచనలు తప్పనిసరి. రెండు జవాబులూ అయిదు శాతం లోపల కలిస్తేనే రిపోర్టు వెళ్తుంది. R²ను రిజిస్టరులో రాయడం మానలేదు, కానీ దాని పక్కన ప్రతి స్టాండర్డుకూ వెనక్కి లెక్కించిన సాంద్రత కూడా రాస్తున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు ముందు ఆ వరుసే చూస్తుంది, గుర్తులు మైనస్, ప్లస్, మైనస్‌గా గుంపులు కట్టాయా అని.

సోడియం అయోడైడ్ పరీక్ష నెలకోసారి, ల్యాంప్ మార్చినప్పుడల్లా. ఆ రీడింగు 2.5 కిందికి జారితే 4 దాకా ఉన్న కర్వ్‌ను 3కి కుదిస్తారు, సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తారు. పాత రిజిస్టరులో 30 దాటిన శాంపిళ్లన్నింటినీ విడిగా గుర్తించి, ఆ బోర్ల నుంచి మళ్లీ నీళ్లు తెప్పించుకుని పలచన చేసి చదవడం మొదలుపెట్టారు. నిల్వ ఉన్న పాత నీళ్లను వాడొద్దన్నాను. యాసిడ్ వేయకుండా, చల్లగా పెట్టకుండా ఉంచిన నీటిలో నైట్రేట్ బ్యాక్టీరియా వల్ల మారిపోతుంది. 53, 80 తేలిన రెండు బోర్ల వాళ్లకు మాత్రం ఆ మళ్లీ పరీక్షల దాకా ఆగకుండా, పాత రిపోర్టు రద్దయిందని, చంటిపిల్లల డబ్బా పాలలో ఈ నీళ్లు కలపొద్దని, మరిగించినా నైట్రేట్ పోదని అదే రోజు ఫోన్ చేసి చెప్పించాం.